నెలకు 99 కట్టాలా, ఆడే మూడు ఆటలూ కొనేయాలా?

"నమస్తే అండీ. మాది నెల్లూరు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. బాబు ఏడో తరగతి, పాప మూడు. నా పాత ఆండ్రాయిడ్ ఫోన్ పిల్లలకి ఇచ్చేశాను, అందులో నా అకౌంటే ఉంది. పోయిన వేసవిలో బాబు అడిగితే ప్లే పాస్ అనే ఆటల ప్యాకేజీ ఒక నెల ఫ్రీ అని తీసుకున్నాం. తర్వాత ఆపడం మరిచిపోయాను. మొన్న బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే 9 నెలలుగా నెలకు 99 పోతోంది. కోపంలో రద్దు చేశాను. రెండు రోజుల క్రితం గడువు అయిపోయింది. పాప నాలుగు నెలలుగా ఆడుతున్న పొలం ఆట ఇప్పుడు తెరుచుకోవట్లేదు, ఒకటే ఏడుపు. 'అద్దింటికి సున్నం కొట్టించినట్టుంది, ఆడేవి కొనేద్దాం' అంటారు మావారు. పొలం ఆట 420, రైలు లైన్ల పజిల్ 120. వంతెనలు కట్టే ఆట ఫ్రీగా దిగుతుంది, లోపల 250 కట్టమంటుంది. 'వెయ్యి ఆటలు 99కి వస్తుంటే మూడింటికి 790 ఎందుకు' అంటాడు బాబు. ఈమధ్య తుపాకుల ఆటలో బట్టలకి కూడా డబ్బులడుగుతున్నాడు. మావారిది ఐఫోన్, అందులోనూ ఇలాంటి ప్యాకేజీ ఉందట. చెన్నైలో ఉన్న మా మరిది, తను చాలా ఆటలు కొన్నానని, తన ఫ్యామిలీ గ్రూపులో చేరిపొమ్మంటున్నాడు. ఏది మంచిదండీ?"

ముందుగా పాప ఆట సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో చెయ్యకూడని పని ఒకటుంది. ఆ పొలం ఆటను ఫోన్‌లోంచి తీసేయకండి. "తెరుచుకోవట్లేదు కదా, ఒకసారి తీసేసి మళ్లీ వేసి చూద్దాం" అని అందరికీ అనిపిస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి Clear data నొక్కమని ఎవరైనా సలహా కూడా ఇస్తారు. ఈ రెండింట్లో ఏది చేసినా నాలుగు నెలల పంట పోయే ప్రమాదం ఉంది. ప్యాకేజీ గడువు అయిపోతే తాళం పడేది ఆటకి. పాప వేసిన మొక్కలూ కట్టిన కొట్టాలూ ఉన్న ఫైలు మాత్రం ఫోన్‌లోనే ఉంటుంది. ఆటను తీసేస్తే ఆ ఫైలూ దాంతోపాటే పోతుంది. కొన్ని ఆటలు దాని నకలు క్లౌడ్‌లో దాస్తాయి, కొన్ని దాయవు. మీ ఆట దాస్తుందో లేదో దాని లోపలి సెట్టింగ్స్ తెరిస్తే గానీ తెలియదు, అది తెరుచుకోవడమే లేదు కాబట్టి దాయదనుకునే జాగ్రత్తపడండి.

దాన్ని తిరిగి తెరవడానికి రెండు దారులున్నాయి. మళ్లీ ఒక నెలకు ప్యాకేజీ తీసుకోవచ్చు, లేదా ఆ ఒక్క ఆటనూ 420 పెట్టి కొనొచ్చు. ఎలా తెరిచినా పాప ఆపిన చోటినుంచే మొదలవుతుంది. దానికి కారణముంది. ఆండ్రాయిడ్ స్టోర్‌లో ప్లే పాస్ ప్యాకేజీలో దొరికే ఆటా, విడిగా డబ్బు పెట్టి కొనే ఆటా వేర్వేరు ఆటలు కావు. పేజీ ఒకటే, ఫోన్‌లో కూర్చునే యాప్ ఒకటే. ప్యాకేజీ ఉన్నప్పుడు పేరు పక్కన టికెట్ గుర్తు కనిపిస్తుంది, లేనప్పుడు అదే పేజీలో ధర కనిపిస్తుంది, అంతే. మీరు డబ్బు కట్టగానే పాత తాళం తెరుచుకుంటుంది. ఐఫోన్‌లో కథ ఇలా ఉండదు, అది తర్వాత చెబుతాను.

కొనేటప్పుడు పైన ఏ అకౌంటు ఉందో ఒక్కసారి చూసుకోండి. ఆ ఫోన్‌లో మీ అకౌంటే ఉందన్నారు కాబట్టి ఇబ్బంది లేదు గానీ, ఆఫీసు అకౌంటు కూడా అందులో ఉంటే ప్లే స్టోర్ కొన్నిసార్లు దాని మీద ఉండిపోతుంది. ఒక గూగుల్ అకౌంటు మీద కొన్న ఆట మరో అకౌంటుకు మారదు. కుడివైపు పైనున్న ఫోటో నొక్కితే ఏ మెయిల్ మీద ఉన్నారో కనిపిస్తుంది. కొన్న వెంటనే ఆట తెరిచి, పాప చేత పొలం చూపించుకోండి. ఏదైనా తేడా వస్తే 48 గంటల లోపు గూగుల్ ప్లే వెబ్‌సైట్‌లోనే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ గడువు దాటితే ఆట తయారుచేసినవాళ్లను అడుక్కోవాల్సి ఉంటుంది. ఇంకో నియమం కూడా గుర్తుంచుకోండి. ఒకే ఆటకు ఇలా ఒక్కసారే తిరిగిస్తారు. వాపసు తీసుకుని మళ్లీ కొంటే రెండోసారి ఉండదు.

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. ప్లే పాస్ మన దేశంలో 2022లో మొదలైంది. అప్పుడు పెట్టిన ధర నెలకు 99, ఏడాదికి 889. ధరలు మారుతుంటాయి కాబట్టి మీ ఫోన్‌లో ఈరోజు ఏ అంకె కనిపిస్తే అది వేసుకోండి, లెక్క చేసే తీరు మాత్రం ఇదే. మీరు 9 నెలలకు కట్టింది 891. అంటే ఏడాది మొత్తానికయ్యే డబ్బు మీరు తొమ్మిది నెలల్లోనే కట్టేశారు. దీన్ని తిప్పి చూస్తే గీత ఎక్కడుందో తెలిసిపోతుంది. ఏడాదిలో 9 నెలలో అంతకంటే ఎక్కువో వాడే ఇల్లయితే ఏడాది చందా కట్టడమే చవక. ఎనిమిది నెలలో అంతకంటే తక్కువో అయితే నెలనెలా కట్టుకుని, వాడని నెలల్లో ఆపేయడం చవక. నెలనెలా కడుతూ పన్నెండు నెలలూ వదిలేయడం అన్నింటికంటే ఖరీదు, 1,188 అవుతుంది.

ఈ డబ్బుకి ప్యాకేజీ ఏమిస్తుందో కూడా చూడాలి, ఎందుకంటే "వెయ్యి ఆటలు" అనే మాటలో అది కనిపించదు. డబ్బు పెట్టి కొనాల్సిన ఆటలు తెరుచుకుంటాయి. ఫ్రీగా దొరికే ఆటల్లోనేమో మధ్యమధ్యలో వచ్చే ప్రకటనలు పోతాయి, లోపల డబ్బు కట్టి తీసుకోవాల్సినవి తెరుచుకుంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ రెండోదానికి చాలా విలువ ఉంది. మూడో తరగతి పాప ఆట ఆడుతుంటే ముప్పై సెకండ్ల ప్రకటన వచ్చి, మూసే గుర్తు మూలన ఇసుక రేణువంత కనిపించి, అది నొక్కబోయి ప్రకటన మీదే నొక్కి ఎక్కడికో వెళ్లిపోవడం మీరూ చూసే ఉంటారు. అది లేకుండా పోతుంది. ఒక చందాను ఫ్యామిలీ గ్రూపులో ఇంకో ఐదుగురికి పంచుకోవచ్చు కూడా. అందుకని మీ బాబు మాటను పూర్తిగా తీసెయ్యలేం.

కాకపోతే వాడి మాట నిలబడాలంటే వాడు ఆ వెయ్యిలో ఎన్ని ఆడుతున్నాడో తేలాలి. దీనికి వాదన అక్కర్లేదు, ఫోనే చెబుతుంది. సెట్టింగ్స్‌లో Digital Wellbeing తెరవండి. గుండ్రటి పటం మీద నొక్కితే ఏ యాప్ ఎంతసేపు వాడారో రోజువారీగా వస్తుంది, వెనక్కి జరుపుతూ కొన్ని వారాలు చూడొచ్చు. బాబును పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద రాయండి. వారానికి గంట దాటిన ఆటలు ఒక వరుసలో, ఒకటి రెండు రోజులు ఆడి వదిలేసినవి ఇంకో వరుసలో. ఇలా రాసినప్పుడు పిల్లలు రెండు రకాలుగా తేలతారు. ఒకరు ఒకే ఆటను ఏడాదంతా పట్టుకుని ఉంటారు. ఇంకొకరు వారానికో కొత్తది తిప్పుతుంటారు. మీరు రాసినదాన్ని బట్టి పాప మొదటి రకం. బాబు రెండో రకమైతే వాడికి కొనిపెట్టడం శుద్ధ దండగ, ఎందుకంటే 250 పెట్టి కొన్న ఆట పదో రోజుకు పాతబడిపోతుంది. మీ ఇంట్లో వాదన తెగకపోవడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. మీవారు పాపను చూసి మాట్లాడుతున్నారు, బాబు తనను చూసుకుని మాట్లాడుతున్నాడు. ఇద్దరి మాటా వాళ్లవాళ్ల వరకు నిజమే.

ఇక ఆ మూడు ఆటలను విడివిడిగా చూడాలి. ధర చూస్తే మూడూ కొనే ఆటల్లాగే ఉన్నాయి గానీ, అవి ఒకే జాతి కాదు. పొలం ఆట, రైలు పజిల్ ముందే డబ్బు తీసుకునేవి. స్టోర్ పేజీలో ఇన్‌స్టాల్ అని ఉండాల్సిన చోట ధర ఉంటుంది. వంతెనల ఆట ఉచితంగా దిగి లోపల తలుపు దగ్గర 250 అడిగే రకం. ప్యాకేజీ పోయాక కూడా ఈ ఆట తెరుచుకుంటుంది, కావాలంటే ఇప్పుడే నొక్కి చూడండి. మొదటి కొన్ని స్థాయిలు నడుస్తాయి, ఆ పైవి మళ్లీ తాళం చూపిస్తాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, గూగుల్‌లో Family Library అని ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో ఒకరు కొన్న ఆటను అదే గ్రూపులోని మిగతా ఐదుగురూ తమ తమ ఫోన్లలో డబ్బు కట్టకుండా వేసుకోవచ్చు. అయితే అది ముందే ధర కట్టి కొన్న ఆటలకే, అదీ తయారుచేసినవాళ్లు ఒప్పుకున్న వాటికే. ఆట లోపల కట్టిన డబ్బుకు అది వర్తించదు. అంటే పొలం ఆటా పజిలూ ఈరోజు మీ అకౌంటు మీద కొంటే, రేపు పిల్లలకు వేరే ఫోన్లూ వేరే అకౌంట్లూ వచ్చినా పనికొస్తాయి. వంతెనల ఆటకు లోపల కట్టే 250 మాత్రం మీ అకౌంటుకే అతుక్కుని ఉండిపోతుంది. బాబుకు తన సొంత అకౌంటుతో ఫోన్ వచ్చిన రోజున మళ్లీ కట్టాలి. మీ అకౌంటునే వాడి ఫోన్‌లో కూడా పెడితే తెరుచుకుంటుంది గానీ, దాంతోపాటు మీ మెయిల్సూ మీ డబ్బు కట్టే ఏర్పాట్లూ వాడి చేతిలోకి వెళతాయి. అది నేను వద్దంటాను. ఈ ఏడాదో వచ్చే ఏడాదో బాబుకు వేరే ఫోన్ ఇచ్చే ఆలోచన ఉంటే వంతెనల ఆటకు ఇప్పుడు డబ్బు పెట్టకండి.

కొనేముందు స్టోర్ పేజీలో ఇంకొక్క వరుస చదవడం అలవాటు చేసుకోండి. About this game అన్నచోట నొక్కి అడుగుదాకా వెళితే, లోపల అమ్మే వస్తువుల ధర ఎంత నుంచి ఎంత వరకో రాసి ఉంటుంది. అక్కడ ఒకే అంకె, ఉదాహరణకు ఒక్కోటి 250 అని ఉంటే, అది సాధారణంగా ఒక్కసారి కట్టి పూర్తి ఆట తెరిచే తాళంచెవి. అదే 10 నుంచి 9,000 వరకు అన్నట్టుగా పెద్ద వెడల్పు ఉంటే, అది నాణేలూ వజ్రాలూ అమ్మే దుకాణం, ఎంత కట్టినా ఆట పూర్తిగా మీదవ్వదు. ముందే ధర కట్టి కొన్న ఆటలో కూడా ఈ వెడల్పు కనిపిస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇప్పుడు మీ ముందున్న దారులను డబ్బులో చూద్దాం. ఏడాది చందా తీసుకుంటే 889, ప్రతి ఏడాదీ అంతే, ఆపిన రోజున పాప ఏడుపు మళ్లీ ఉంటుంది. మూడూ కొనేస్తే 790, రెండో ఏడాది ఖర్చు ఏమీ ఉండదు. కానీ బాబు వారానికో ఆట తిప్పేవాడైతే ఆ 790 దగ్గర ఆగదు, ఇంకో రెండు 250లు కలిస్తే 1,290 అవుతుంది, వాటిని వాడు నెల తిరక్కుండానే వదిలేస్తాడు. మూడో దారి ఒకటుంది, మీ ఇంటికి సరిపోయేది అదేనని నాకనిపిస్తోంది. పాప పొలం ఆట ఒక్కటీ 420కి కొనండి. ప్యాకేజీని స్కూలు సెలవుల్లో మాత్రమే తీసుకోండి, ఏప్రిల్, మే, దసరా ఉన్న నెల. మూడు నెలలకు 297. మొదటి ఏడాది 717, రెండో ఏడాది నుంచి 297. చందా ఆపినా పాప ఆట ఆగదు, బాబుకు సెలవుల్లో కావలసినన్ని కొత్తవి. పజిల్ 120కి కొంటారా లేదా అన్నది ఆ కాగితం మీద రాసింది చూసి తేల్చుకోండి. వారంలో పది నిమిషాలు కూడా ఆడనిదైతే ఎందుకు?

ఈ దారిలో ఉన్న కష్టం, బడి తెరిచాక బాబు ఆటలు ఆగిపోవడం. అది వాడికి ముందే చెప్పాలి. సెలవుల్లో కొత్త ఆటలో వాడు బాగా ముందుకెళితే, మళ్లీ తీసుకునేదాకా ఫోన్‌లోంచి తీసేయవద్దని కూడా చెప్పాలి, పాప ఆట విషయంలో చెప్పిన కారణమే ఇక్కడా. ఫోన్‌లో చోటు చాలకపోతే ముందు ఫోటోలు ఖాళీ చేయండి.

మరిచిపోయే సమస్యకు ఒక ఉపాయం ఉంది. నెల చందా కట్టిన ఐదు నిమిషాల్లోనే రద్దు చేసేయండి. కట్టిన నెల అయిపోయేదాకా ఆటలు నడుస్తూనే ఉంటాయి, నెల చివర మళ్లీ డబ్బు పోదు, అంతే. ప్లే స్టోర్‌లో మీ ఫోటో నొక్కి, Payments & subscriptions లోకి, అక్కడినుంచి Subscriptions లోకి వెళితే రద్దు చేసే చోటు కనిపిస్తుంది. ఏ తేదీ వరకు వాడుకోవచ్చో కూడా అక్కడే రాసి ఉంటుంది. ఫోన్‌లోంచి ఆటలన్నీ తీసేసినంత మాత్రాన చందా ఆగదు, చాలామంది డబ్బు పోయేది ఇక్కడే. యూపీఐ యాప్‌లో ఆటోపే తీసేస్తే డబ్బు ఆగుతుంది గానీ, స్టోర్ దృష్టిలో మీరింకా చందాదారే, కట్టలేదని గుర్తు చేస్తూ ఉంటుంది. ముందు స్టోర్‌లో రద్దు చేసి, ఆ తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా చూసుకోవడం సరైన వరుస. ఇంకో మాట. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం, ఇలా నెలనెలా పోయే డబ్బుకు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ మెసేజీలు ఓటీపీల గుంపులో కలిసిపోతాయి. మెసేజీల్లో mandate లేదా autopay అని వెతికితే ఇంకేవైనా ఇలా పోతున్నాయేమో బయటపడుతుంది.

మీవారు చెప్పే "కొంటే మనదే" అన్న మాటకు ఒక హద్దుంది, అదీ తెలిసి కొనడం మంచిది. కొన్న ఆట ఆ రకం ఫోన్‌కే కట్టుబడి ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో 420 పెట్టి కొన్నది ఐఫోన్‌లోనో ఐప్యాడ్‌లోనో తెరుచుకోదు, అక్కడ మళ్లీ కొనాలి. రేపు పిల్లలకు ఐప్యాడ్ తీసుకునే ఉద్దేశం ఉంటే ఈ కొనుగోళ్లు కొన్నాళ్లు ఆపండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ మారినప్పుడు పాత ఆటలు ఆగిపోవడమూ జరిగేదే. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు పాత పద్ధతిలో తయారైన 32 బిట్ ఆటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి, డబ్బు పెట్టి కొన్నవాళ్లకు కూడా. తయారుచేసినవాళ్లు కొత్తగా దిద్ది పెట్టినవే మిగిలాయి. అందుకని కొనేముందు పేజీలో Updated on అన్న తేదీ చూడండి. ఈ ఏడాదో పోయిన ఏడాదో అయితే ఇంకా ఎవరో దాన్ని చూసుకుంటున్నారని అర్థం. నాలుగైదేళ్ల పాతదైతే 420 పెట్టడం సాహసం. అలాంటిదాన్ని ప్యాకేజీలోనే ఆడుకోవడం మేలు.

ఇక ఐఫోన్. అందులో ఉన్నది ఆపిల్ ఆర్కేడ్, 2019 సెప్టెంబరులో మొదలైంది, మన దగ్గర నెలకు 99తో వచ్చింది. ఇందులోని ఆటల్లో ప్రకటనలు ఉండవు, లోపల అమ్మకాలూ ఉండవు. ఫ్యామిలీ షేరింగ్‌లో మీరు కాక మరో ఐదుగురు వాడుకోవచ్చు. కానీ అవి ఆపిల్ పరికరాల్లోనే నడుస్తాయి, పిల్లల చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్. మీవారు ఆఫీసునుంచి వచ్చాక పిల్లలు ఆయన ఫోన్ లాక్కుని ఆడే ఇల్లయితే తప్ప దీని గురించి ఇప్పుడు ఆలోచించనక్కర్లేదు.

ఒకవేళ ఎప్పుడైనా తీసుకుంటే పాప ఆట విషయంలో చెప్పిన తేడా ఇక్కడ గుర్తుంచుకోండి. ఆర్కేడ్‌లో పాత పేరున్న ఆటలు చాలావరకు పేరు చివర కూడిక గుర్తుతో విడి యాప్‌గా ఉంటాయి. స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలం ఆట యాప్ స్టోర్‌లో విడిగా అమ్ముతారు, 2023లో అదే ఆట Stardew Valley+ అన్న పేరుతో ఆర్కేడ్‌లోకి వచ్చింది. పేరు ఒకటే అయినా ఫోన్‌కి అవి రెండు యాప్‌లు. ఆర్కేడ్ ఆపి, విడిగా ఉన్నది కొంటే, ఆడినదంతా దానంతటదే కొత్తదాంట్లోకి వచ్చేస్తుందని అనుకోవద్దు. అలాంటప్పుడు పిల్లల ఏడుపు ఆపడానికి కొనడం పనిచేయకపోవచ్చు, మళ్లీ చందా కట్టడమే దారి. అదీ ఎక్కువ ఆలస్యం చేస్తే కొన్ని ఆటల్లో పాత ఆట తిరిగి దొరక్కపోవచ్చని ఆపిలే చెబుతుంది. చందా నడుస్తుండగానే ఆటలు వెళ్లిపోవడమూ ఉంది. 2022లో ఒకేసారి 15 ఆటలను వెళ్లిపోయేవాటి వరుసలో పెట్టారు. వెళ్లిపోయిన ఆట అప్పటికే ఫోన్‌లో ఉంటే కనీసం రెండు వారాలు ఆడనిస్తారు. ప్లే పాస్‌లోంచి కూడా ఆటలు పోతుంటాయి, కాకపోతే అక్కడ అదే పేజీలో కొనుక్కునే వీలుంటుంది. ఏడాదంతా ఒకే ఆటను పట్టుకునే పిల్లలకు చందా మీద ఆధారపడటం ఎందుకు మంచిది కాదో ఇక్కడ బాగా తెలుస్తుంది.

బాబు తుపాకుల ఆటకు వద్దాం. బీజీఎంఐ లాంటి ఆట ఉచితంగానే దొరుకుతుంది, వాళ్ల ఆదాయం ఎక్కువగా లోపల యూసీ అనే ఆట నాణేల అమ్మకం మీదే. "ఎలాగూ ప్యాకేజీ కడుతున్నాం కదా, వాడు ఇంక డబ్బులడగడు" అనుకుంటే పొరపాటు, ఇవి రెండు వేర్వేరు ఖర్చులు. ఆ ఖర్చును ప్యాకేజీ లెక్కలో కలపకుండా విడిగా రాయండి. ఆ ఫోన్‌లో ఉన్నది మీ అకౌంటు కాబట్టి, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో Purchase verification తెరిచి ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. వేలిముద్రతో కొనే వీలు ఆన్‌లో ఉంటే, ఆ ఫోన్‌లో ఎవరి వేలిముద్రలు ఎక్కించి ఉన్నాయో కూడా చూడండి. బాబుది ఉంటే తీసేయండి, లేకపోతే పాస్‌వర్డ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మీ మరిది గారు మంచి మనసుతో పిలిచారు, కానీ చేరేముందు మూడు సంగతులు అడగండి. ఆయన కొన్నవాటిలో మీ పిల్లలు ఆడేవి ఉన్నాయా, ఉంటే ఆ పేజీలో Family Library గుర్తు ఉందా, అవి ముందే ధర కట్టి కొన్నవా లేక లోపల కట్టి తెరిచినవా. చెన్నైలో ఉన్నా ఒకే దేశం కాబట్టి చేరడానికి అడ్డు లేదు. అయితే ఒకరు ఒకసారి ఒక గ్రూపులోనే ఉండగలరు, గ్రూపు మారడం 12 నెలలకు ఒక్కసారే కుదురుతుంది. అందులో ఉన్నంతకాలం మీ ఇంటికి విడిగా గ్రూపు పెట్టుకుని సెలవుల ప్యాకేజీ పంచుకునే వీలు ఉండదు. పైగా గ్రూపులో కుటుంబమంతటికీ కలిపి డబ్బు కట్టే ఏర్పాటు ఒకటుండొచ్చు, ఉంటే అది గ్రూపు పెట్టినవారిదే. తుపాకుల ఆటలో బట్టలడిగే వయసు పిల్లవాడిని ఇంకొకరి కార్డు ఉన్న గ్రూపులో చేర్చేటప్పుడు, వాడు చేసే ప్రతి కొనుగోలుకూ తన అనుమతి అడిగేలా ఆయన పెట్టుకున్నారో లేదో కనుక్కోండి. ఆయన దగ్గర పొలం ఆట లేకపోతే ఫోన్‌లోనే థాంక్స్ చెప్పి వదిలేయండి. ఉంటే, ఒక్క మెలిక గమనించండి. పంచుకున్న ఆట ఆయన గ్రూపులో మీరున్నంతకాలమే తెరుచుకుంటుంది, బయటికొచ్చిన రోజున మళ్లీ ఇదే తాళం పడుతుంది. 420 మిగుల్చుకోవడానికి పాప పొలాన్ని అక్కడ పెట్టడం కంటే, ఆ ఒక్కటీ మీ అకౌంటు మీదే కొని, ఇవాళ సాయంత్రమే తెరిచి చూడండి.